ఇంకా తిరుగుతున్న ఫ్యాన్లను ఎలా లెక్కించాలి: ఎక్స్‌పొనెన్షియల్ రేటుకు లాగ్-లైక్‌లీహుడ్

ప్రశ్న: పది చిన్న ఫ్యాన్లను 1000 గంటలు తిప్పి చూశారు. ఆరు ఫ్యాన్లు 90, 210, 340, 480, 650, 830 గంటల దగ్గర ఆగిపోయాయి. పరీక్ష ముగిసేసరికి మిగతా నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. ఆయుష్షు ఎక్స్‌పొనెన్షియల్ అనుకుని రేటు కనుక్కోమన్నారు. ఆగిన ఆరింటికి నేను సగటు తీస్తే 433 గంటలు వచ్చింది. మా ఫ్రెండ్ ఆ నాలుగింటికీ 1000 వేసి, పదింటికీ సగటు తీస్తే 660 వచ్చింది. జవాబులో మాత్రం 1100 అని ఉంది. 1000 గంటలకు మించి ఎవరూ చూడనేలేదు కదా, సగటు 1100 ఎలా అవుతుంది? లాగ్-లైక్‌లీహుడ్‌తో మెట్టు మెట్టుగా చెప్పండి సార్.

సమాధానం:

1100 సరైనదే. మీరు వాడిన "రేటు అంటే ఒకటి బై సగటు" అనే సూత్రం కూడా తప్పు కాదు, కానీ అది అన్ని ఆయుష్షులూ పూర్తిగా చూసినప్పుడు వచ్చే ఫలితం. ఇక్కడ నాలుగింటి ఆయుష్షు మనకు తెలియదు. అందుకని సూత్రాన్ని పక్కన పెట్టి, అది పుట్టిన చోటి నుంచే మొదలుపెడదాం.

లైక్‌లీహుడ్ అడిగే ప్రశ్న ఒక్కటే: రేటు λ ఫలానా విలువ అయితే, మనం చూసింది సరిగ్గా ఇలాగే జరగడానికి ఎంత అవకాశం ఉంది? ఆ అవకాశం ఏ λ దగ్గర అన్నిటికంటే ఎక్కువో అదే మన అంచనా. కాబట్టి ముందు తేల్చుకోవలసింది మనం చూసినది ఏమిటి అన్నది. మీ లెక్కా, మీ ఫ్రెండ్ లెక్కా తేడా కొట్టింది ఈ మొదటి మెట్టు దగ్గరే. డెరివేటివ్ దాకా వెళ్లాక ఇద్దరూ తప్పేమీ చేయలేదు.

90 గంటల దగ్గర ఆగిన ఫ్యాన్‌ను తీసుకోండి. రికార్డులో 90 అని ఉందంటే, అది సుమారు 89.5కూ 90.5కూ మధ్య ఆగిందని అర్థం. దాని సంభావ్యత, ఆ దగ్గర సాంద్రతను గంట వెడల్పుతో గుణిస్తే వస్తుంది. ఆ వెడల్పులో λ లేదు కాబట్టి గరిష్ఠం ఎక్కడుందో దానివల్ల మారదు. అందుకే దాన్ని వదిలేసి సాంద్రతను మాత్రమే రాస్తాం:

```
f(90) = λ · e^(−90λ)
```

ఇందులో రెండు ముక్కలున్నాయి, రెండిటికీ విడిగా అర్థం ఉంది. e^(−90λ) అంటే 90 గంటల దాకా ఆగకుండా తిరగడం. ముందున్న λ అంటే ఆ తర్వాతి క్షణంలో ఆగిపోవడం. ఈ విడదీత గుర్తుంచుకోండి, మీ ప్రశ్నకు జవాబంతా దీనిమీదే నిలబడి ఉంది.

ఇప్పుడు 1000 గంటలకూ తిరుగుతున్న ఫ్యాన్. దాని గురించి మనకు తెలిసింది "1000 దాకా ఆగలేదు" అన్నదొక్కటే. దాని సంభావ్యత, 1000 నుంచి అనంతం వరకు సాంద్రతను సమాకలనం చేస్తే వస్తుంది:

```
P(X > 1000) = e^(−1000λ)
```

ముందు λ లేదు, ఎందుకంటే ఆగిపోవడం అనే సంఘటన జరగలేదు. ఇలా "కనీసం ఇంత" అని మాత్రమే తెలిసిన పరిశీలనను సెన్సార్ అయిన పరిశీలన అంటారు. అది సమాచారం లేని పరిశీలన కాదు. వెయ్యి గంటలు నిలబడిందన్నది రేటు తక్కువని చెప్పే బలమైన సాక్ష్యం.

ఫ్యాన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఆగుతాయని అనుకుంటున్నాం కాబట్టి పది సంభావ్యతలనూ గుణిస్తాం. ఆగిన ఆరింటి నుంచి ఆరు λలు వస్తాయి. ఘాతాంకాలు కూడుకుంటాయి: ఆగినవాటి గంటలు 90 + 210 + 340 + 480 + 650 + 830 = 2600, తిరుగుతున్నవాటివి 4 × 1000 = 4000, మొత్తం 6600.

```
L(λ) = λ^6 · e^(−6600λ)
```

దీన్ని నేరుగా అవకలనం చేయవచ్చు గానీ, లబ్ధం కాబట్టి పని చిక్కుగా ఉంటుంది. పైగా నిజమైన డేటాలో వందల పదాలు గుణిస్తే విలువ కంప్యూటర్ పట్టుకోలేనంత చిన్నదైపోయి సున్నాగా కనిపిస్తుంది. లాగ్ ఎప్పుడూ పెరిగే ప్రమేయం, అందుకని L ఎక్కడ గరిష్ఠమో దాని లాగ్ కూడా అక్కడే గరిష్ఠం. లాగ్ తీస్తే గుణకారాలు కూడికలవుతాయి:

```
ℓ(λ) = 6 ln λ − 6600 λ
```

ఈ ఒక్క వరుసను కాసేపు చూడండి. మొదటి పదం λను పైకి లాగుతుంది: ఆరు ఫ్యాన్లు ఆగాయి కాబట్టి రేటు మరీ తక్కువ కాకూడదు. రెండోది కిందికి లాగుతుంది: 6600 గంటలు ఫ్యాన్లు తిరిగాయి కాబట్టి రేటు మరీ ఎక్కువ కాకూడదు. రెండు లాగుళ్లూ సమానమయ్యే చోటే గరిష్ఠం.

```
ℓ′(λ) = 6/λ − 6600 = 0
λ̂ = 6/6600 = 1/1100 ≈ 0.000909
```

ఇది గరిష్ఠమేనా, కనిష్ఠం కాదు కదా? రెండో డెరివేటివ్ −6/λ², ఇది ప్రతి λకూ రుణాత్మకమే. అంటే వక్రం అంతటా కిందికే వంగి ఉంటుంది, శిఖరం ఒక్కటే. రేటు తలకిందులు చేస్తే సగటు ఆయుష్షు 1100 గంటలు. సాధారణ రూపంలో చెప్పాలంటే, ఆగిన సంఖ్య d, అన్ని ఫ్యాన్లూ తిరిగిన మొత్తం గంటలు T అయితే, λ̂ = d/T. పైన ఆగినవి మాత్రమే, కింద అందరి గంటలు.

ఇప్పుడు మీ ఇద్దరి లెక్కలూ ఇదే భాషలో రాసి చూద్దాం. మీరు నాలుగు ఫ్యాన్లను తీసేశారు, అంటే నాలుగు e^(−1000λ)లను పారేశారు. మీ లాగ్-లైక్‌లీహుడ్ 6 ln λ − 2600λ. మీ ఫ్రెండ్ ఆ నాలుగూ సరిగ్గా 1000వ గంటలో ఆగాయని రాశారు, అంటే జరగని నాలుగు ఆగిపోవడాలకు నాలుగు λలు అదనంగా కలిపారు. వారిది 10 ln λ − 6600λ. వారి గంటలు సరైనవే, తప్పంతా ఆరుకు బదులు పది వేయడంలో ఉంది. మీరు గంటలు పోగొట్టారు, వారు ఆగిపోవడాలను పెంచారు. దారులు వేరైనా ఇద్దరికీ రేటు ఎక్కువగానే వచ్చింది, ఆయుష్షు తగ్గింది.

ఎంత తేడా పడిందో సరైన ℓతోనే కొలవవచ్చు:

```python
import numpy as np
t = np.array([90,210,340,480,650,830,1000,1000,1000,1000])
d = np.array([1,1,1,1,1,1,0,0,0,0])   # 1 = ఆగింది, 0 = తిరుగుతోంది
ll = lambda m: d.sum()*np.log(1/m) - t.sum()/m
for m in (1100, 660, 2600/6):
    print(round(m), round(ll(m), 2))
```

1100కు −48.02, 660కు −48.95, 433కు −51.66 వస్తాయి. ఈ అంకెలకు విడిగా అర్థం లేదు. గంటలకు బదులు రోజుల్లో కొలిస్తే మూడూ ఒకే మొత్తం మారిపోతాయి. తేడాలకు మాత్రం అర్థం ఉంది. 1100కూ 433కూ తేడా 3.64, అంటే మన డేటా 1100 దగ్గర కనబడే అవకాశం 433 దగ్గరి కంటే e^3.64, సుమారు 38 రెట్లు. ఇంకో రకంగా చూడాలంటే, సగటు 433 అయితే 1000 గంటలు దాటే అవకాశం e^(−1000/433), సుమారు 0.10. పది ఫ్యాన్లలో ఒక్కటి మిగలాలి, కానీ నాలుగు మిగిలాయి. 1100 అయితే ఆ అవకాశం 0.403, దాదాపు నాలుగే మిగలాలి.

ఇక మీ అసలు సందేహం: ఎవరూ 1000 దాటి చూడనప్పుడు సగటు 1100 ఎలా? ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. మీ ఫ్రెండ్ దారిలోనే నడిచి చూద్దాం. వారు తిరుగుతున్న ఫ్యాన్లకు 1000 వేసి 660 తెచ్చారు. కానీ ఆ ఫ్యాన్లు వెంటనే ఆగవు కదా, ఇంకా కొంతకాలం తిరుగుతాయి. ఎక్స్‌పొనెన్షియల్‌కు జ్ఞాపకం లేదు: ఎంతసేపు తిరిగినా, ఇంకా తిరగబోయే సగటు కాలం మొదట్లో ఉన్నంతే. సగటు 660 అనుకుంటే ఒక్కొక్కటి ఇంకో 660 గంటలు తిరుగుతుందని అంచనా వేయాలి. అప్పుడు వాటికి 1660 వేసి మళ్లీ సగటు తీస్తే (2600 + 4 × 1660)/10 = 924. మరి సగటు 924 అయితే 1924 వెయ్యాలి, అప్పుడు 1029.6 వస్తుంది. ఆ తర్వాత దాదాపు 1071.8, ఆ తర్వాత 1088.7. ఇలా ఎక్కుతూ పోయి 1100 దగ్గర నిలుస్తుంది. ఎందుకంటే అక్కడ (2600 + 4 × 2100)/10 = 1100, వేసిన అంచనా, వచ్చిన సగటు ఒకటే అయిపోయాయి. కాబట్టి 1100 చూసినవాటి సగటు కాదు, చూసినవీ చూడనివీ కలిపి తనతో తాను పొసిగే సగటు. ఇలా లేని డేటాకు అంచనా వేసి, మళ్లీ గరిష్ఠం కనుక్కుని, అదే పని తిప్పి తిప్పి చేయడాన్ని ఈఎం అల్గారిథం అంటారు. దాన్ని ఆ పేరుతో సాధారణ రూపంలో 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ ప్రచురించారు. మీ ఫ్రెండ్‌కు చెప్పండి, వారు ఆ అల్గారిథంలో మొదటి అడుగు వేసి ఆగారు.

మీ సిలబస్‌లో నిష్పత్తికి కూడా ఇదే పద్ధతి ఉండి ఉంటుంది. దాన్ని వేరే ఉదాహరణతో కాకుండా ఈ ఫ్యాన్లతోనే చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. ఎవరో ఆగిన సమయాల కాగితం పోగొట్టారనుకోండి. 1000 గంటల్లో పదింటిలో ఆరు ఆగాయని మాత్రమే మిగిలింది. ఒక ఫ్యాన్ ఆగే సంభావ్యత p అయితే:

```
ℓ(p) = 6 ln p + 4 ln(1 − p)
ℓ′(p) = 6/p − 4/(1 − p) = 0
6(1 − p) = 4p   →   p̂ = 0.6
```

ఎన్ని విధాలుగా పదింటిలో ఆరు రావచ్చో చెప్పే ద్విపద గుణకాన్ని వదిలేశాను, అందులో p లేదు కాబట్టి డెరివేటివ్‌లో అది ఎలాగూ మాయమవుతుంది. ఇప్పుడు p నుంచి λకు రావాలి. 1 − p = e^(−1000λ) కాబట్టి λ̂ = −ln(0.4)/1000 ≈ 0.000916, సగటు 1091 గంటలు. ఏ p దగ్గర లైక్‌లీహుడ్ గరిష్ఠమో, దానికి జతైన λ దగ్గర కూడా అది గరిష్ఠమే కాబట్టి ఇలా నేరుగా మార్చుకోవచ్చు, మళ్లీ అవకలనం అక్కర్లేదు.

ఆరు సమయాలూ పోయినా 1100 కాస్తా 1091 అయింది, అంతే. ఇది పూర్తిగా యాదృచ్ఛికం కాదు. లాగ్-లైక్‌లీహుడ్ శిఖరం ఎంత కోసుగా ఉంటే అంచనా అంత గట్టిది. ఆ వంపు రెండో డెరివేటివ్ చెబుతుంది. పూర్తి డేటాతో ప్రామాణిక దోషం λ̂/√6, సుమారు 0.00037. నిష్పత్తి దారిలో అది సుమారు 0.00039. అంటే ఆయుష్షు ఎక్స్‌పొనెన్షియల్ అని ముందే నమ్మితే, ఇక్కడ సమయాల వల్ల రేటు గురించి అదనంగా తెలిసింది కొంచెమే. సమయాల అసలు విలువ వేరే చోట ఉంది, ఆ నమ్మకాన్ని పరీక్షించడంలో. దాని సంగతి చివర్లో చెబుతాను.

λ̂/√6లో ఆరు ఉంది, పది లేదు. ఇది చాలామంది గమనించరు. వంద ఫ్యాన్లు పెట్టి ఆరే ఆగితే, అంచనాలో సాపేక్ష దోషం ఇంతే, దాదాపు 41 శాతం. రేటు ఎంత కచ్చితంగా తెలుస్తుందన్నది ఎన్ని పెట్టామన్న దానిమీద కాదు, ఎన్ని ఆగాయన్న దానిమీద ఉంటుంది.

41 శాతం చిన్న దోషం కాదు, అందుకని 1100ను ఒంటరిగా చెప్పకండి. అంచనాకు అటూ ఇటూ రెండేసి ప్రామాణిక దోషాలు తీసుకునే అలవాటు ఇక్కడ అంత బాగా పనిచేయదు, ఎందుకంటే ఇంత తక్కువ డేటాతో వక్రం శిఖరానికి రెండు వైపులా ఒకేలా ఉండదు. ఎడమవైపు నిట్టనిలువుగా పడుతుంది, కుడివైపు మెల్లగా దిగుతుంది. నేనైతే వక్రాన్నే అడుగుతాను: శిఖరం నుంచి 1.92 కంటే ఎక్కువ దిగకుండా λ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వెళ్లగలదు? ఆ 1.92, ఒక స్వేచ్ఛాంకం ఉన్న కై-స్క్వేర్ 95 శాతం విలువ 3.84లో సగం. మన ℓతో లెక్కిస్తే సగటు ఆయుష్షు సుమారు 543 నుంచి 2767 గంటల దాకా వస్తుంది. 660 ఆ పరిధిలోనే ఉంది, 433 లేదు. మీ ఫ్రెండ్ పద్ధతి తప్పే, కానీ అంకెగా 660ను ఈ పది ఫ్యాన్లు కొట్టిపారేయలేవు.

ఒక్క ఫ్యానూ ఆగకపోతే ఏమవుతుందని కూడా చూసుకోండి, పరీక్షలో అడగవచ్చు. అప్పుడు ℓ = −10000λ. డెరివేటివ్ ఎక్కడా సున్నా కాదు, వక్రం λ = 0 అంచు నుంచి దిగుతూనే ఉంటుంది. గరిష్ఠం ఆ అంచు దగ్గరే, λ̂ = 0. దాన్ని "ఎప్పటికీ ఆగవు" అని చదవకూడదు. e^(−10000λ) = 0.05 అని పెట్టి λ కనుక్కుంటే సుమారు 3/10000 వస్తుంది. రేటు అంతకంటే ఎక్కువైతే ఒక్కటీ ఆగకపోయే అవకాశం 5 శాతం లోపే. ఆ సందర్భంలో నివేదించవలసింది ఆ పైహద్దు.

ఇప్పుడు సమయాల సంగతి. ఈ లెక్కంతా రేటు మొదటి గంటలోనూ వెయ్యో గంటలోనూ ఒకటే అనే నమ్మకం మీద నిలబడింది. బేరింగులు అరిగే యంత్రాలకు అది తరచుగా నిజం కాదు. పరీక్షించడానికి d/T సూత్రాన్నే రెండు ముక్కలుగా వాడవచ్చు. మొదటి 500 గంటల్లో నాలుగు ఆగాయి. ఆ కాలంలో తిరిగిన గంటలు 1120 + 6 × 500 = 4120. రేటు 4/4120, సుమారు 0.00097. తర్వాతి 500లో రెండు ఆగాయి. గంటలు 150 + 330 + 4 × 500 = 2480. రేటు 2/2480, సుమారు 0.00081. దాదాపు ఒకటే. ఇంత తక్కువ ఆగిపోవడాలతో ఇది గట్టి రుజువు కాదు, కానీ అరుగుదల జాడైతే కనిపించడం లేదు. రెండో సగంలో రేటు మూడు నాలుగు రెట్లుండి, ఆగిపోవడాలు కూడా తగినన్ని ఉంటే, నేను ఎక్స్‌పొనెన్షియల్‌ను వదిలి, కాలంతో రేటు మారడానికి వీలిచ్చే వైబుల్ మోడల్ తీసుకునేవాణ్ని. అప్పుడు "1000 దాటినవి ఇంకో 1100 తిరుగుతాయి" అన్న మాట కూడా చెల్లదు. సగటు 1100 అన్నది చూసిన హద్దు బయటికి చేసిన ఊహ, ఆ ఊహ బలం మోడల్ బలమే.

రెండో నమ్మకం, తిరుగుతున్నవాటిని ఎందుకు వదిలామన్నది. మీ పరీక్షలో 1000 ముందే నిర్ణయించిన గంట, అందుకని ఇబ్బంది లేదు. నేను ఒకసారి ఇలాంటి డేటాతో వారం రోజులు తంటాలు పడ్డాను. కొన్ని ఫ్యాన్లకు 300, 400 గంటల దగ్గరే "తిరుగుతోంది" అని రాసి ఉంది. విచారిస్తే, అవి గరగర శబ్దం చేస్తుంటే పరీక్ష చేసేవాళ్లు ఆగిపోకముందే తీసేశారట. ఆగబోతున్నవాటిని ఆగనివాటి ఖాతాలో వేశారన్నమాట. అప్పుడు e^(−λt) అనే పదమే తప్పవుతుంది, రేటు ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. ఈ తప్పును లాగ్-లైక్‌లీహుడ్ పట్టుకోలేదు. సెన్సార్ అయిన సమయాలన్నీ ఒకే గంట దగ్గర కాకుండా చెల్లాచెదురుగా ఉంటే, ఒక్కొక్కటి ఎందుకు ఆపారో మనిషిని అడిగి తెలుసుకోవలసిందే. అలాగే 1, 0 గుర్తులు తలకిందులుగా ఉన్న ఫైళ్లూ వస్తుంటాయి. మీ డేటాలో అలా జరిగితే 4/6600, అంటే 1650 గంటలు వస్తుంది. చూడ్డానికి నమ్మదగినట్టే ఉంటుంది, అందుకే d మొత్తం ఆరేనా అని ముందుగా ఒకసారి కూడి చూసుకోండి.